సైఫన్ పైపు: నీళ్లు ఎంత వస్తాయి, మూపురం దగ్గర ఎందుకు తెగుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

చీమకుర్తి పక్కన ఒక పాత క్వారీ గుంతలో నిలిచిన నీళ్లను, గుంత యజమాని ఒప్పుకున్నాక, మోటారు లేకుండా కింద ఉన్న మా తోటకు దించుకున్నాను. అప్పటి నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఇవే ప్రశ్నలు. పాలిటెక్నిక్‌లో హైడ్రాలిక్స్ ల్యాబు చూసుకుంటూ ఇరవై ఏళ్లు గడిపిన నేనే మొదటి ఏడాది రెండు తప్పులు చేశా, అవి కూడా ఇందులో ఉన్నాయి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే చదువుకోవచ్చు, అందుకని కొన్ని అంకెలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మా పైపు వివరం ఇది. 90 మిల్లీమీటర్ల నల్ల హెచ్‌డీపీఈ పైపు, లోపలి వ్యాసం సుమారు 80. నీళ్ల నుంచి గుంత గట్టు పైదాకా ఏటవాలుగా 20 మీటర్లు, గట్టు నుంచి తోట దాకా 100 మీటర్లు. మొదట్లో గట్టు నీటి మట్టానికి 5 మీటర్లు పైన ఉండేది, తోటలో పైపు చివర అదే మట్టానికి 9 మీటర్లు కింద. గట్టు మీద పైపు అన్నిటికంటే ఎత్తుగా ఉండే చోటును నేను మూపురం అంటాను, ఒంగోలు గిత్త గుర్తొస్తుంది కదా.

## పైపు కొనకముందు

సైఫన్ అంటే కాలువ వాగు కిందనుంచి పోయే కట్టడం కదా సార్, దానికి కూడా ఇదే లెక్కా?

కాదు. పెన్నా డెల్టాలో కాలువల మీద పెరిగినవాళ్లకు సైఫన్ అంటే వాగు కిందకు దిగి అవతల పైకి లేచే తూమే గుర్తొస్తుంది. అది తలకిందుల సైఫన్. అందులో పైపు నీటి మట్టానికి కిందే ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే ఎక్కువే, ఆవిరి బుడగల గొడవే రాదు. ఇక్కడ మాట్లాడేది గట్టు ఎక్కి దిగే సైఫన్ గురించి. ఇందులో మూపురం నీటి మట్టానికి పైన ఉంటుంది, అక్కడ ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. తంటా అంతా ఆ తక్కువ ఎంతదాకా పోవచ్చు అన్నదాని దగ్గరే.

గట్టు ఎంత ఎత్తుంటే సైఫన్ పనిచేస్తుంది? పది మీటర్లు అని బడిలో చదివాం.

ఆ పది మీటర్లు నీళ్లు కదలకుండా, గాలి కరగకుండా, చల్లగా ఉన్నప్పటి కాగితం లెక్క. గాలి ఒత్తిడి నీటి స్తంభంగా కొలిస్తే సముద్రమట్టం దగ్గర 10.3 మీటర్లు. మన వైపు వేసవి వేడికి అది కొంచెం తగ్గుతుంది, నేను 10.2 వేసుకుంటాను. ఇది మీ చేతిలో ఉన్న సొమ్ము అనుకోండి. గట్టు ఎత్తు అందులోంచి మొదట కోస్తుంది. నీళ్లు పరుగెత్తడానికి, పైపు నోటి దగ్గరి ఫుట్ వాల్వు దాటడానికి, గట్టు దాకా పైపు గోడలను రాసుకుంటూ రావడానికి అయ్యే ఖర్చు ఆ తర్వాత కోస్తుంది. మిగిలేదే మూపురం దగ్గరి ఒత్తిడి. అది పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు, 2.5 మీటర్లు మిగల్చాలని మన ఇంజనీరింగు పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అంటే గట్టు ఎత్తు, పారే ఖర్చు కలిపి 7.7 మీటర్లు దాటకూడదు. నీళ్లు కూడా గట్టిగా పారాలంటే గట్టు 5, మహా అయితే 6 మీటర్లు ఉండేట్టు చూసుకోండి.

ఆవిరి సున్నా దగ్గర కదా పుట్టేది, మరి 2.5 మిగల్చడం ఎందుకు?

ఆవిరి సున్నా దగ్గర కాదు, దానికంటే కాస్త పైనే పుడుతుంది. ఒత్తిడి బాగా తగ్గితే నీళ్లు పొయ్యి లేకుండానే మరుగుతాయి. 30 డిగ్రీల నీళ్లయితే ఒత్తిడి సుమారు 0.43 మీటర్లకు పడ్డప్పుడు, 40 డిగ్రీలవైతే 0.75 మీటర్ల దగ్గరే ఆ పని మొదలవుతుంది. అయితే పొలాల్లో సైఫన్‌ను తెంపేది చాలాసార్లు అసలు ఆవిరి కాదు, నీళ్లలో కరిగి ఉన్న గాలి. సోడా సీసా మూత తీస్తే బుడగలు లేచినట్టు, ఒత్తిడి తగ్గిన మూపురం దగ్గర ఆ గాలి బయటికి వస్తుంది. ఆవిరి పుట్టే హద్దుకు చాలా ముందే ఇది మొదలై, ఒత్తిడి తగ్గేకొద్దీ ఎక్కువవుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. ఆవిరి బుడగ ఒత్తిడి పెరగ్గానే తిరిగి నీరైపోతుంది, గాలి బుడగ అంత తేలిగ్గా కరగదు, పైకెళ్లి మూపురంలో కూర్చుంటుంది. దాని కోసమే ఈ 2.5.

నీళ్లు ఎన్ని వస్తాయో ముందే లెక్క కట్టొచ్చా?

కట్టొచ్చు, ఒక్క వరస లెక్క.

```
H = (v²/2g) × (1 + K + f·L/D)
```

H అంటే నీటి మట్టం నుంచి పైపు చివరకు ఎంత దిగువ, v నీళ్ల వేగం, g భూమ్యాకర్షణ 9.81, L పైపు పొడవు, D లోపలి వ్యాసం, K ఫుట్ వాల్వు, వంపుల నష్టం, f పైపు గోడ రాపిడి. కొత్త నల్ల పైపుకు f 0.016 దాకా తగ్గవచ్చు గానీ అతుకులు, పాచి కలుపుకుని నేను 0.02 వేస్తాను.

మా పైపుకు H 9 మీటర్లు, పొడవు 120. రాపిడి 0.02 × 120 ÷ 0.08 = 30. ఫుట్ వాల్వుకు 2, వంపులన్నిటికీ 1, చివర ఎగజిమ్మే వేగానికి 1, మొత్తం 34. తొమ్మిదిని 34తో భాగిస్తే 0.265, దాని నుంచి వేగం సెకనుకు 2.28 మీటర్లు, నీళ్లు సెకనుకు 11.5 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూస్తే పదిహేడు, పద్దెనిమిది సెకన్లలో నిండాలి. మాకు పద్దెనిమిది పట్టింది. ఈ లెక్కలో గట్టు ఎత్తు ఎక్కడా లేదని గమనించండి. ఎంత నీళ్లన్నది దిగువ చెబుతుంది, అసలు పారుతుందా లేదా అన్నది గట్టు చెబుతుంది.

మూపురం దగ్గర ఎంత మిగులుతుందో ఎలా చూడాలి?

నీళ్ల నుంచి మూపురం దాకా ఉన్న ముక్కనే తీసుకోవాలి, అవతల దిగే పైపుతో ఈ లెక్కకు పని లేదు.

```
hs = ha − z − (v²/2g) × (1 + K1 + f·L1/D)
```

hs మూపురం దగ్గర మిగిలే ఒత్తిడి. ha గాలి ఒత్తిడి, మనకు 10.2. z గట్టు ఎత్తు. K1, L1 ఎక్కే పైపువి మాత్రమే. మా దాంట్లో గట్టు 5 మీటర్లు, ఎక్కే పైపు 20 మీటర్లు, దాని రాపిడి 5, ఫుట్ వాల్వు 2, ఒక వంపుకు 0.5, వేగానికి 1, కలిపి 8.5. వేగం సెకనుకు 2.28 మీటర్లయినప్పుడు v²/2g విలువ 0.265, దాన్ని 8.5తో గుణిస్తే 2.25. అంటే 10.2 లోంచి 5 పోయి, 2.25 పోయి, 2.95 మిగిలింది. 2.5 కంటే పైనే ఉంది కాబట్టి ఆ ఎత్తుకు ఢోకా లేదు. చాలామంది గట్టు ఎత్తు ఒక్కటే కొలిచి "ఐదు మీటర్లేగా" అని ధైర్యంగా ఉంటారు, రెండో కోత లెక్కలోకే రాదు.

మాది కొండ మీద. అక్కడా అంతేనా?

కాదు, తగ్గించుకోవాలి. కొండ ఎక్కేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, మొదటి వెయ్యి మీటర్లకు నీటి స్తంభంలో సుమారు 1.1 మీటర్లు. ఉదయగిరి కోట మూడు వేల అడుగుల ఎత్తులో ఉందంటారు, అక్కడ సైఫన్ పెడితే చేతిలో ఉండేది 9.2 మీటర్లే. చీమకుర్తి, పొదలకూరు, కోవూరు లాంటి చోట్ల ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. తుఫాను రోజుల్లో బంగాళాఖాతంలో ఒత్తిడి పడినప్పుడు కూడా పావు మీటరో ఇంకా ఎక్కువో పోవచ్చు, కానీ తుఫాను రోజు తోటకు నీళ్లు పెట్టేదెవరు?

## పైపు వేసేటప్పుడు

పైపు నోరు గుంతలో ఇంకా లోతుకు దించితే ఎక్కువ నీళ్లు వస్తాయా?

రావు. సైఫన్ లెక్కకు కావలసింది నీటి పై మట్టం, పైపు నోరు ఎంత లోతులో ఉన్నది కాదు. లోతుకు దించితే పైపు పొడవు పెరిగి రాపిడి కాస్త ఎక్కువవుతుంది, అంతే. అలాగని మరీ పైపైన పెట్టినా తప్పే, నీళ్లు సుడి తిరిగి ఆ సుడిలోంచి గాలి పైపులోకి పోతుంది. నోటి మీద కనీసం అర మీటరు నీళ్లు ఉండాలి, ఒక మీటరైతే నిశ్చింత. అడుగున బురదకు తగలకుండా ఒక ప్లాస్టిక్ డ్రమ్ము తేలగట్టి దానికి వేలాడదీయండి, మట్టం తగ్గినా నోరు దానితో పాటే దిగుతుంది. ఇంకో మాట. క్వారీ గుంతలు మెట్లు లేని నిలువు లోతులు, ఈత వచ్చినవాడు కూడా పైకెక్కలేడు. నోరు సరిచెయ్యడానికి ఒంటరిగా దిగొద్దు.

మోటారుకు వాడే చదునైన గుడ్డ పైపు ఉంది, అది సరిపోతుందా?

మూపురం దాకా అసలు పనికిరాదు. లోపలి ఒత్తిడి బయటికంటే తక్కువ కాబట్టి ఆ పైపు పీల్చేసిన పాల ప్యాకెట్టులా అతుక్కుపోతుంది. మూపురం దాటి కిందకు దిగాక కూడా చాలా దూరం లోపల ఒత్తిడి తక్కువే ఉంటుంది. పల్చటి పీవీసీ పైపు ఎండకు మెత్తబడి ఒక మధ్యాహ్నం చప్పబడ్డ సంగతి నేను చూశా. గట్టు అటూ ఇటూ మందమైన హెచ్‌డీపీఈ గానీ, లోపల స్ప్రింగు ఉన్న సక్షన్ హోస్ గానీ వేయండి. గుడ్డ పైపు తోటలో చివరి కొన్ని గజాలకు, అదీ వాల్వు తర్వాత తగిలించుకోండి.

గేట్ వాల్వు ఎక్కడ పెట్టాలి? నీళ్ల దగ్గర ఉంటే చేతికి దగ్గరగా ఉంటుంది కదా.

చివర. ఎప్పుడూ చివరే. నా మొదటి తప్పు ఇదే, గట్టు దగ్గర నిలబడి తిప్పుకోవచ్చని ఎక్కే పైపు మీద పెట్టాను. వాల్వు సగం మూస్తే అక్కడ నష్టం పెరుగుతుంది. ఆ నష్టం మూపురానికి ముందే జరిగితే, మూపురం దగ్గర మిగిలే ఒత్తిడి ఇంకా పడిపోతుంది, అంటే నీళ్లు తగ్గించబోయి బుడగలు పుట్టించినట్టు. అదే వాల్వు చివర ఉంటే మూసేకొద్దీ వేగం తగ్గుతుంది, ఎక్కే పైపులో ఖర్చు తగ్గుతుంది, మూపురం దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. ఒకే వాల్వు, ఒకే తిప్పుడు, పెట్టిన చోటును బట్టి ఫలితం తిరగబడుతుంది. తోట దాకా నడవడం బద్ధకమైతే ఒక సైకిలు పెట్టుకోండి.

మూపురం మీద ఎయిర్ వాల్వు పెడితే గాలి దానంతటదే పోతుందా?

పోదు సరికదా లోపలికి వస్తుంది. మోటారు లైన్ల మీద ఉండే ఎయిర్ వాల్వు లోపల ఒత్తిడి ఎక్కువ ఉన్నచోట గాలిని బయటికి నెట్టేందుకు చేసింది. సైఫన్ మూపురం దగ్గర ఒత్తిడి బయటికంటే తక్కువ, కాబట్టి ఆ వాల్వు తెరుచుకుంటే బయటి గాలే లోపలికి దూకి సైఫన్ తెగుతుంది. దానికి బదులు మూపురం మీద మూడు నోళ్ల టీ ముక్క బిగించి, అర మీటరు పొడవు 110 పైపు ముక్క నిలబెట్టి, దాని కింద ఒక బాల్ వాల్వు, పైన ఒక బాల్ వాల్వు బిగించండి. మామూలుగా కింది వాల్వు తెరిచి, పైది మూసి ఉండాలి. వచ్చే గాలి ఆ ముక్కలో చేరుతుంది. గాలి నిండిందనిపిస్తే కిందది మూసి, పైది తెరిచి నాలుగు లీటర్ల నీళ్లు పోసి, పైది మూసి, కిందది తెరవండి. నీళ్లు పారుతుండగానే ఈ పని అయిపోతుంది.

## నీళ్లు ఎక్కించేటప్పుడు

నోటితో పీలిస్తే సరిపోదా అన్నా?

డీజిల్ క్యాను పైపు కాదు ఇది. మా పైపులో పట్టే నీళ్లే 600 లీటర్లు, మూడు డ్రమ్ములు. చివరి వాల్వు మూసేసి, అడుగున ఫుట్ వాల్వు పెట్టి, మూపురం టీ లోంచి నీళ్లు పోయాలి. ఎక్కే వైపు, దిగే వైపు రెండూ నిండేదాకా నిదానంగా పోయండి, మధ్యలో ఆగి పైపును చేత్తో తడితే ఇరుక్కున్న గాలి బుడబుడమని పైకి వస్తుంది. బుడగలు రావడం ఆగి, నీళ్లు అంచుదాకా నిలిచాక మూత బిగించి, తోటలో వాల్వు ఒకేసారి కాకుండా పావు వంతు తెరవండి. రెండు నిమిషాలు చూసి మిగతాది. మొదట కొంచెం తెరిస్తే మిగిలిన గాలి ఒక్కసారి వచ్చి మూపురంలో చేరదు.

అతుకులు లీకు అవుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? పైనుంచి చుక్క కూడా కారడం లేదు.

పారుతున్నప్పుడు కారదు, అదే మోసం. లోపల ఒత్తిడి తక్కువ కాబట్టి చిల్లు ఉంటే నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది, కంటికి కనిపించదు. పట్టుకోవలసింది నీళ్లు నింపినప్పుడు. చివరి వాల్వు మూసి, ఫుట్ వాల్వు నిలుపుతూ, మూపురం దాకా నింపి మూత తెరిచి ఉంచితే పైపంతా లోపల ఒత్తిడి బయటికంటే ఎక్కువే. అప్పుడు ప్రతి చిల్లూ కారుతుంది. మూత పెట్టకుండా అరగంట ఆగి, ప్రతి అతుకు కింద చెయ్యి పెట్టి తడి చూడండి. మూపురం దగ్గరి అతుకుల మీద మాత్రం ఒత్తిడి చాలా తక్కువ, అందుకని టీ మీద రెండు మూడు మీటర్ల పైపు నిలబెట్టి దాన్ని కూడా నింపితే అవి కూడా బయటపడతాయి.

## పారుతుండగా

చివర ఇంకా కిందకు దించితే ఇంకా ఎక్కువ వస్తాయి కదా, మా పక్క చేని పెద్దాయన అలాగే చెప్పాడు.

ఆయన చెప్పింది కొంతదాకా నిజం, నేను కూడా విని దించాను, అది నా రెండో తప్పు. ఇరవై మీటర్ల పైపు కలిపి, చివరను ఇంకో 6 మీటర్లు కిందకు తీసుకెళ్లా. దిగువ 15 అయింది, పొడవు 140, వేగం 2.75 మీటర్లకు, నీళ్లు 13.8 లీటర్లకు పెరిగాయి. చూడ్డానికి కన్నుల పండుగ. కానీ గట్టు 5 మీటర్లే అయినా ఎక్కే పైపులో ఖర్చు 3.27 అయింది, మూపురం దగ్గర 1.93 మిగిలింది. ఓ గంటన్నరకు ధార తుప్పు తుప్పుమని కొట్టడం మొదలెట్టి, సాయంత్రానికి తెగిపోయింది.

ఇంకా ఇంకా దించుకుంటూ పోతే ఒక హద్దు వస్తుంది. గాలి సంగతి పక్కన పెట్టి నీళ్లు ఆవిరయ్యేదాకా పోనిచ్చినా, వేడి నీళ్లకు 0.6 మీటర్లు వదిలేస్తే గట్టు పోగా ఖర్చుకు 4.6 మీటర్లే ఉంటాయి. దానికి మా ఎక్కే పైపు సెకనుకు 16.4 లీటర్లకు మించి ఇవ్వలేదు. అక్కడి నుంచి చివరను బావిలోకి దించినా ఒక్క లీటరు పెరగదు, మూపురం అవతల ఆవిరి తిత్తి పెరుగుతుందంతే. ఎక్కువ నీళ్లు కావాలంటే దిగే వైపు కాదు, ఎక్కే వైపు చూడాలి.

అయితే ఎక్కే పైపు పెద్దది వేస్తే?

నేను చివరకు చేసింది అదే, ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ దక్కింది. నీళ్ల నుంచి మూపురం దాకా ఉన్న 20 మీటర్లు తీసేసి 110 మిల్లీమీటర్ల పైపు వేశా, లోపల సుమారు 98. మూపురం దగ్గర రెడ్యూసర్ పెట్టి మళ్లీ పాత 90. గట్టు 5 మీటర్లు, దిగువ 9 ఉన్నప్పుడు లెక్క చూస్తే ఎక్కే పైపులో ఖర్చు 2.25 నుంచి ఒక మీటరు దగ్గరకు పడింది, మూపురం దగ్గర 2.95 ఉన్నది 4 దాటింది. నీళ్లు కూడా 11.5 లీటర్ల నుంచి 12.3కు పెరిగాయి. చాలామంది డబ్బు మిగలాలని ఎక్కే వైపు చిన్నది, తోట వైపు పెద్దది వేస్తారు. దానివల్ల నష్టమంతా మూపురానికి ముందు చేరుతుంది.

మొదటి వారం బ్రహ్మాండంగా వచ్చాయి, ఇప్పుడు మాటిమాటికి ఆగుతోంది. ఏమీ మార్చలేదు సార్!

మీరు మార్చలేదు, గుంత మారింది. నీటి మట్టం మీటరు దిగితే గట్టు ఎత్తు మీటరు పెరిగినట్టే. మాది 5 నుంచి 6 అయింది, దిగువ 9 నుంచి 8కి తగ్గింది. నీళ్లు 11.5 నుంచి 10.8 లీటర్లకే తగ్గాయి, అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. మూపురం దగ్గర మాత్రం 2.95 ఉన్నది 2.2కు పడింది.

దీనికి మందు చివరి వాల్వు. గట్టు 6 మీటర్లుంటే, 2.5 మిగల్చాక ఎక్కే పైపులో ఖర్చుకు 1.7 మీటర్లు ఉంది. దానికి సరిపోయే వేగం సుమారు 2 మీటర్లు, నీళ్లు 10 లీటర్లు. అంటే 10.8 నుంచి 10కి, డ్రమ్ము పద్దెనిమిదిన్నర సెకన్లకు బదులు ఇరవై సెకన్లలో నిండేదాకా వాల్వు మూశాను. ముప్పాతిక లీటరు వదులుకుంటే రాత్రంతా ఆగకుండా పారింది. మట్టం ఇంకో అర మీటరు దిగాక 8.4 లీటర్లకు తగ్గించాల్సి వచ్చింది.

మూపురం దగ్గర ఎంత ఉందో కొలిచే సాధనం ఏమైనా ఉందా? రోజూ లెక్కలు నావల్ల కాదు.

వ్యాక్యూమ్ గేజి ఒకటి కొని మూపురం టీ మీద బిగించండి. చాలావాటి మీద సున్నా నుంచి 760 దాకా పాదరసం మిల్లీమీటర్లలో గీతలుంటాయి. ఒక మీటరు నీటి స్తంభానికి ముల్లు సుమారు 74 గీతలు జరుగుతుంది. 7.7 మీటర్ల హద్దు అంటే సుమారు 565. నేను 560 దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీశా, మా ఆవిడ తిట్టింది కానీ తోటమాలికి ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. ముల్లు ఎర్ర గీత దాటితే చివరి వాల్వు కొంచెం ముయ్యి, దిగువనే ఉంటే కొంచెం తెరువు, అంతే పని. ముల్లు వణుకుతుంటే బుడగలు పుట్టడం మొదలైనట్టు.

మధ్యాహ్నం పూటే ఎందుకు ఆగుతుంది? పొద్దున బాగానే ఉంటుంది.

నల్ల పైపు మే నెల ఎండలో ఒట్టి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. 30 నుంచి 40 డిగ్రీలకు నీళ్లు వేడెక్కితే ఆవిరి హద్దు 0.3 మీటర్లే ముందుకు జరుగుతుంది, అది పెద్ద లెక్క కాదు. కానీ వేడి నీళ్లు గాలిని కరిగించి ఉంచుకోలేవు, మూపురం దగ్గర అది ఇంకా తొందరగా బయటపడుతుంది. నిండుగా పారేటప్పుడు నీళ్లు పైపులో నిమిషం కూడా ఉండవు కాబట్టి అంత వేడెక్కవు. వాల్వు బాగా మూసి నెమ్మదిగా వదిలినప్పుడే ఈ బాధ. మూపురం మీద తాటాకులు గానీ తడి గోనెసంచులు గానీ కప్పితే చాలావరకు తగ్గుతుంది.

## ఆగిపోయినప్పుడు

ఆగింది బుడగల వల్లా, లీకు వల్లా, సుడి వల్లా? ఎలా తేల్చాలి?

మూపురం దగ్గర ఒక మీటరు స్ప్రింగు ఉన్న తెల్ల సక్షన్ హోస్ ముక్క వేసుకుంటే లోపల కనిపిస్తుంది, సగం అనుమానాలు అక్కడే తీరతాయి. పైపును నీళ్లతో నింపి, మూత బిగించి, చివరి వాల్వును ఒక్క క్షణం తెరిచి మూసేసి, గంటసేపు చూడండి. ఈ స్థితిలో నీళ్లు కదలవు. ఆ ఒక్క క్షణానికే మూపురం దగ్గర ఒత్తిడి పడి అలాగే నిలుస్తుంది. ఫుట్ వాల్వు గట్టిగా ఉండి, గంటలో తెల్ల ముక్కలో గాలి గుప్పెడు మించి చేరితే అతుకుల్లోంచే వస్తోంది. చేరకపోతే అతుకులు మంచివే.

తర్వాత పారించి, చివరి వాల్వు మూడో వంతు ముయ్యండి. తెల్ల ముక్కలో సన్న బుడగల తెర పల్చబడితే అది తక్కువ ఒత్తిడి వల్ల పుట్టేదే. పైకి వచ్చేవి సన్న బుడగలు కాకుండా పెద్ద పెద్ద ముద్దలుగా, ఉండి ఉండి వస్తుంటే పైపు నోటి దగ్గరికెళ్లి చూడండి, అక్కడ సుడి తిరుగుతూ ఉంటుంది.

పది మీటర్లకు మించిన గట్టు మీంచి సైఫన్ నడిపారని ఎక్కడో చదివా, నిజమేనా?

నిజమే. 2015లో శాస్త్రవేత్తలు 15 మీటర్ల ఎత్తు సైఫన్ నడిపి చూపించారు. కానీ వాళ్లు వాడింది ముందుగా గాలి తీసేసిన నీళ్లు, బుడగ పుట్టడానికి ఆసరా లేకుండా జాగ్రత్తపడ్డ గొట్టం. బుడగ మొదలవ్వడానికి చోటు లేకపోతే నీళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని, లాగినా తెగకుండా నిలబడతాయి. మన గుంత నీళ్లలో కరిగిన గాలి, సన్న ఇసుక, పాచి, పైపు గోడ మీద గీతలు, ప్రతిదీ బుడగకు పురుడు పోసే చోటే. ఆ ప్రయోగం చెప్పి పదకొండు మీటర్ల గట్టుకు పైపు అమ్మజూపితే కొనొద్దు.

వాల్వు తగ్గించుకుంటూ ఎంతదాకా లాగొచ్చు? ఎప్పుడు వదిలేయాలి?

మా 80 మిల్లీమీటర్ల ఎక్కే పైపుతో గట్టు 7 మీటర్లయితే హద్దులో ఉండాలంటే నీళ్లు 6.4 లీటర్లే తియ్యాలి, వేగం సెకనుకు 1.27 మీటర్లు. ఇక్కడ రెండో చిక్కు ఎదురవుతుంది. వేగం బాగుంటే మూపురంలో పుట్టిన కొద్దిపాటి బుడగలను నీళ్లే కిందకు ఈడ్చుకుపోతాయి. ఈ వ్యాసానికి వేగం సుమారు మీటరు కంటే తగ్గితే ఈడ్వలేవు, బుడగలు ఎదురెక్కి మూపురంలోనే పోగవుతాయి. అంటే తగ్గిస్తే గాలి పోదు, పెంచితే గాలి పుడుతుంది, మధ్యలో సందు చాలా తక్కువ. గట్టు మీద గాలి చేరే ఆ పైపు ముక్క ఉంటే రెండు మూడు గంటలకోసారి నీళ్లు పోసి గాలి తీసుకుంటూ ఇంకో వారం లాగవచ్చు, మేం లాగాం. గట్టు 7.3 మీటర్లు దాటాక డీజిల్ ఇంజను తెచ్చి గట్టు మీద కాదు, గుంతలో నీళ్ల పక్క బండ మీద పెట్టాం. గట్టు మీద పెడితే దానికి పీల్చే ఎత్తులో ఇదే హద్దు మళ్లీ అడ్డొస్తుంది.